శ్వాస ధ్యానం కుదరనివాళ్ళకు మైత్రీ ధ్యానం: ఏ పద్ధతి ఎవరికి?

కళ్ళు మూసుకుని కూర్చుంటారు. గాలి ముక్కులోంచి వస్తుంది, పోతుంది. ఒకటి నుంచి పది వరకు లెక్కపెట్టమన్నారు. మూడు దాకా బాగానే ఉంటుంది. తర్వాత ఎప్పుడో చూసుకుంటే పదిహేడు దగ్గర ఉంటారు, లేదా లెక్కే ఉండదు. రెండు వారాలు ఇలా గడిచాక చాలామంది "ధ్యానం నాకు పడదు" అని మానేస్తారు. వాళ్ళకు పడనిది ధ్యానంలో ఒక రకమే. దాని బదులు మైత్రీ ధ్యానం, అంటే మనసులో ఒకరికి మంచి కోరుకుంటూ కూర్చోవడం, పాళీలో మెత్తా, చేసి చూడమని చెప్పేవాళ్ళు ఉన్నారు, నేనూ చెబుతాను. అయితే మైత్రీ ధ్యానాన్ని నాలుగైదు తీరుల్లో చేస్తారు. ఎవరికి ఏది అని చూడకుండా మొదలుపెడితే ఇది కూడా రెండు వారాల్లో ఆగిపోతుంది.

ముందు మీ ఇబ్బంది ఏదో తేల్చుకోండి

శ్వాస ధ్యానం నచ్చనివాళ్ళందరూ "బోర్" అనే అంటారు. కొంచెం లోతుగా అడిగితే మూడు వేరువేరు ఇబ్బందులు బయటపడతాయి.

మొదటిది నిజమైన విసుగు. మనసుకు పని చాలదు. మాటలకూ బొమ్మలకూ అలవాటుపడ్డ మనసుకు గాలి తాకిడి ఒక్కటే ఇస్తే అది నిద్రలోకైనా జారుతుంది, ఊహల్లోకైనా పోతుంది.

రెండోది చిరాకు. ఇక్కడ మనసు పక్కకు పోవడం కంటే, పోయిందని తెలిసిన క్షణంలో తనను తాను తిట్టుకోవడమే బాధ పెడుతుంది. ఇరవై నిమిషాల్లో మనసు నలభైసార్లు పోతే నలభైసార్లు ఓడిపోయినట్టు లెక్క.

మూడోది ఊపిరి గురించిన టెన్షన్. ఊపిరి దానంతట అదే ఆడుతుంది, మనం కావాలనుకుంటే మన అదుపులోకీ వస్తుంది. అందుకే గమనించడం మొదలుపెట్టగానే కొందరు తెలియకుండానే దాన్ని నడపడం మొదలుపెడతారు. ఊపిరి కృత్రిమంగా మారి, ఛాతీ బిగుసుకుని, గాలి చాలనట్టు అనిపిస్తుంది. గతంలో పానిక్ వచ్చినవాళ్ళకు ఇది ఇంకా కష్టం, ఎందుకంటే వాళ్ళకు ఛాతీలో కదలికే ప్రమాద సూచనలా తోస్తుంది.

మీది ఏదో తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. ఈసారి శ్వాస ధ్యానం నుంచి లేచేటప్పుడు మనసులో మొదట వచ్చిన మాట రాసుకోండి. "ఇంకెంతసేపు" అయితే విసుగు. "నాకు చేతకాదు" అయితే చిరాకు. "హమ్మయ్య, ఇప్పుడు ఊపిరి ఆడుతోంది" అయితే మూడోది. మూడునాలుగు రోజులు రాస్తే సందేహం ఉండదు.

ఈ మూడింట్లో ఏదున్నా తప్పేమీ లేదు. మేఘియ సుత్తంలో బుద్ధుడు వేరువేరు రోగాలకు వేరువేరు మందులు చెబుతాడు: ఆలోచనల ధార తెంచడానికి శ్వాస మీద ఎరుక, ద్వేషం పోవడానికి మైత్రి. మైత్రీ ధ్యానం శ్వాస ధ్యానం కుదరనివాళ్ళ కోసం పుట్టిన తేలిక రకం కాదు. దాని పని వేరు. ఆ పనిలో మాటలు, మనుషులు, జ్ఞాపకాలు ఉంటాయి కాబట్టి పని చాలని మనసుకు అది నచ్చుతుంది.

ఎంచుకునే ముందు చూడవలసినవి

నేను మూడు విషయాలు చూస్తాను. మనసు పట్టుకోవడానికి ఆ పద్ధతి ఏమిస్తోంది: మాటా, మనిషి ముఖమా, నడకా? మనసు పక్కకు పోయినప్పుడు తిరిగి రావడం ఎంత సులువు? అనుభూతి కలగకపోయినా ఆ పద్ధతి నడుస్తుందా?

మూడోదాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే. మైత్రీ ధ్యానం అనగానే గుండెలో ప్రేమ పొంగాలని అనుకుంటారు. అది పొంగకపోతే నటిస్తారు, నటించలేక విసిగిపోతారు. నిజానికి ఇక్కడ చేసే పని మంచి కోరుకోవడం. కోరుకోవడం మన చేతిలో ఉంటుంది. కోరుకున్నప్పుడు వెచ్చదనం కలగడం మన చేతిలో లేదు, అది ఒకరోజు కలుగుతుంది, ఒకరోజు కలగదు. ప్రయాణానికి బయలుదేరినవాళ్ళకు "జాగ్రత్తగా వెళ్ళిరా" అంటాం. ఆ క్షణంలో గుండెలో ఏ అలజడీ లేకపోయినా ఆ మాట నిజమే. ధ్యానంలో కావలసింది అంతే.

నాలుగు పద్ధతులు

| పద్ధతి | మనసుకు పట్టు | ఎవరికి ఎక్కువ నప్పుతుంది | ఎక్కడ చెడుతుంది |
|---|---|---|---|
| మాటలతో | రెండు మూడు చిన్న వాక్యాలు | విసుగు ఉన్నవాళ్ళకు | మాటలు యాంత్రికమవుతాయి |
| మనిషిని తలచుకుని | ముఖం, ఒక జ్ఞాపకం | చిరాకుపడి తమను తాము తిట్టుకునేవాళ్ళకు | జ్ఞాపకం కథగా సాగిపోతుంది |
| నడుస్తూ, పనుల మధ్య | అడుగులు, ఎదురయ్యే మనుషులు | కూర్చోలేనివాళ్ళకు, ఊపిరి టెన్షన్ ఉన్నవాళ్ళకు | లోతు తక్కువ |
| శ్వాసతో కలిపి | వదిలే ఊపిరిలో ఒక మాట | శ్వాస కొంత నచ్చినవాళ్ళకు | ఊపిరి టెన్షన్ ఉంటే పనికిరాదు |

*మాటలతో.* అందరికీ తెలిసిన రూపం ఇదే. కొన్ని వాక్యాలను మనసులో నెమ్మదిగా, మధ్యలో ఖాళీ ఇస్తూ అనుకుంటారు. పాత గ్రంథాల్లో వాటి భావం స్థూలంగా ఇలా ఉంటుంది: వైరం లేకుండా ఉండాలి, బాధ లేకుండా ఉండాలి, చీకూచింతా లేకుండా ఉండాలి, సుఖంగా బతకాలి. వాక్యాల ఎంపిక మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆన్‌లైన్‌లో కనబడే "మీరు సంతోషంగా ఉందురు గాక" లాంటివి వద్దు. అవి మనం ఎవరితోనూ నోరారా అనే మాటలు కావు, అందుకే లోపల తగలవు. మనకు "చల్లగా ఉండు" ఉంది, "క్షేమంగా ఉండు" ఉంది, "నీకు మంచి జరగాలి" ఉంది. ఈ మాటలు ఎవరో ఒకరు మనతో నిజంగా అని ఉంటారు కాబట్టి వాటి వెంట ఒక గొంతు కూడా వస్తుంది. రెండు వాక్యాలు చాలు. నాలుగు పెట్టుకుంటే తర్వాతి వాక్యం ఏదో గుర్తుచేసుకోవడంలోనే మనసు పోతుంది.

ఈ పద్ధతి లాభం ఏమిటంటే దారి తప్పినా తిరిగి రావడం తేలిక. మాట ఎక్కడ ఆగిందో అక్కడ మళ్ళీ అందుకోవచ్చు, లెక్క తప్పడమనే సమస్యే లేదు. నష్టం కూడా అక్కడే ఉంది. పది రోజులకు మాట అరిగిపోతుంది. పెదవులు కదులుతూ ఉంటాయి, మనసు ఆఫీసు ఈమెయిల్‌కు జవాబు రాస్తూ ఉంటుంది. అప్పుడు వేగం తగ్గించి, ఒక వాక్యం తీసేసి, రెండు వాక్యాల మధ్య మూడునాలుగు సెకన్లు నిశ్శబ్దం ఉంచండి. ఆ నిశ్శబ్దంలో, ఎవరికి మంచి కోరుతున్నామో ఆ మనిషి మనసులో ఉండాలి. మాట ఒక ఉత్తరమైతే ఆ మనిషి చిరునామా. చిరునామా లేని ఉత్తరం ఎక్కడికీ చేరదు.

*మనిషిని తలచుకుని.* ఇందులో మాటలు తక్కువ. మీకు మేలు చేసిన ఒకరిని, ఆ మేలు జరిగిన ఒక్క దృశ్యాన్ని తలచుకుని అక్కడే ఉంటారు. "మా సార్ మంచివారు" అనుకుంటే మనసుకు పట్టు దొరకదు. "ఫెయిలైన రోజు సార్ నా పక్కన కూర్చుని, ఏమీ అనకుండా, ఆ లెక్కను మళ్ళీ మొదటి నుంచి చేయించారు" అని చూస్తే దొరుకుతుంది. దృశ్యం ఎంత చిన్నదైతే అంత మేలు. చిరాకు మనుషులకు దీన్ని ముందు సూచిస్తాను, ఎందుకంటే ఇక్కడ బాగా చేశానా లేదా అని కొలిచే అంకె ఏదీ లేదు. కాకపోతే జ్ఞాపకం కథగా సాగుతుంది: ఆ సార్ నుంచి ఆ స్కూలుకు, అక్కడి నుంచి ఆ రోజుల గొడవలకు. కథ మొదలైందని తెలియగానే ఒక్క వాక్యం, "చల్లగా ఉండండి సార్", అని మళ్ళీ ముఖం దగ్గరికి రావాలి.

*నడుస్తూ, పనుల మధ్య.* ఎదురయ్యే ప్రతి మనిషికీ మనసులో ఒక్క వాక్యం. లిఫ్ట్‌లో, క్యూలో, ట్రాఫిక్‌లో ఆగినప్పుడు. దీనికి వేరే సమయం అక్కర్లేదు, ఊపిరి ఊసే ఉండదు. సెండ్రి హచర్‌సన్, ఎమ్మా సెప్పాలా, జేమ్స్ గ్రాస్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొద్ది నిమిషాల మైత్రీ ధ్యానం తర్వాత కూడా అపరిచితుల పట్ల దగ్గరితనం పెరిగినట్టు కనబడింది. కాబట్టి చిన్న మోతాదు వృథా కాదు. కానీ కూర్చున్నప్పుడు బయటపడే గట్టి ముడులు ఇక్కడ బయటపడవు.

*శ్వాసతో కలిపి.* పీల్చేటప్పుడు ఏమీ అనరు, వదిలేటప్పుడు "క్షేమంగా ఉండు" అంటారు. శ్వాసకూ మైత్రికీ మధ్య వంతెనలా పనికొస్తుంది. ఊపిరి టెన్షన్ ఉన్నవాళ్ళు మాత్రం దీని జోలికి వెళ్ళొద్దు. మాట పొడవుకు సరిపడా ఊపిరి సాగదీస్తారు, పాత బాధ మళ్ళీ మొదలవుతుంది.

ఎవరితో మొదలుపెట్టాలి

పద్ధతి కంటే ఈ ఎంపికే ఎక్కువ తేడా తెస్తుంది. 5వ శతాబ్దంలో శ్రీలంకలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమార్గం అనే బౌద్ధ గ్రంథంలో క్రమం ఇలా ఉంది: ముందు తాను, తర్వాత గౌరవించే గురువులాంటివారు, తర్వాత బాగా ఇష్టమైన మిత్రుడు, తర్వాత ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి, చివర పగవాడు. "ముందు తాను" చూసి చాలామంది వారాల తరబడి తమ దగ్గరే ఆగిపోతారు. కానీ ఆ గ్రంథమే ఇంకో మాట చెబుతుంది: నూరేళ్ళు తన మీదే మైత్రి సాధన చేసినా గాఢమైన ఏకాగ్రత కుదరదు. తనను ముందు పెట్టుకునేది సాక్ష్యం కోసం. నేను సుఖం కోరుకుంటున్నట్టే ఎదుటివాళ్ళూ కోరుకుంటారని గుర్తు రావడానికి. అసలు పని గురువు దగ్గర మొదలవుతుంది.

అందుకే తమను తాము తిట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళకు నా సలహా: మీతో మొదలుపెట్టకండి. "నేను సుఖంగా ఉండాలి" అనగానే లోపల "నీకేం అర్హత ఉంది" అని ఎదురుమాట వస్తే, అది శ్వాస ధ్యానంలో పడ్డ చిరాకుకు ఇంకో రూపం. మేలు చేసినవారితో మొదలుపెట్టి, మాట మెత్తబడ్డాక, అదే వేడితో చివర రెండు నిమిషాలు మీ వైపు తిప్పుకోండి. "నేను" అనడం ఎబ్బెట్టుగా ఉంటే మీ పేరు పెట్టి, మీతో ఎవరో అంటున్నట్టు "చల్లగా ఉండు" అనుకోండి.

మొదట్లో ఎవరు వద్దో కూడా ఆ గ్రంథంలో ఉంది. చనిపోయినవారు వద్దు. ప్రేమ ఉన్నా మనసు దుఃఖం వైపు పోతుంది, ధ్యానం కుదురుకోదు. శారీరక ఆకర్షణ ఉన్నవారు వద్దు, మైత్రి ఎప్పుడు మోహంగా మారిందో తెలియదు. మోహాన్ని ఆ సంప్రదాయం మైత్రికి "దగ్గరి శత్రువు" అంటుంది, ఎందుకంటే అది మైత్రిలాగే కనిపిస్తుంది. తేడా పట్టుకోవడానికి ఒక గుర్తు: ఆ మనిషి నాకు దూరంగా, నాతో సంబంధం లేకుండా సుఖంగా ఉంటే నాకు సరేనా? లోపల ఏదో ముడుచుకుంటే అది పట్టుకోవడం, మంచి కోరడం కాదు. నా ఉద్దేశంలో మొదటి నెల జీవిత భాగస్వామినీ పిల్లల్నీ కూడా పక్కన పెట్టడం మంచిది. వాళ్ళను తలచుకోగానే పనులూ దిగుళ్ళూ ముందు వస్తాయి.

ఒకావిడ ఎలా చేసిందంటే

నాకు తెలిసిన ఒకావిడ రెండు నెలలు రోజూ ఇరవై నిమిషాలు శ్వాస లెక్కపెట్టింది. ఏడో నిమిషానికల్లా గడియారం చూసేది. బోర్ అనే చెప్పింది. లేచేటప్పుడు వచ్చే మాట రాయమంటే నాలుగు రోజుల్లో మూడుసార్లు "ఇది కూడా చేతకాదా" అని రాసింది. అంటే సమస్య చిరాకు. తనతో మొదలుపెట్టడం, నాలుగు వాక్యాల పాఠం రెండూ పక్కన పెట్టి, మనిషిని తలచుకునే పద్ధతి తీసుకున్నాం. సమయం ఎనిమిది నిమిషాలకు తగ్గించాం.

మొదటి వారం చిన్నప్పుడు లెక్కలు చెప్పిన టీచరు ఒక్కరే. ఆవిడ ఇంకా ఉన్నారు కాబట్టి ఇబ్బంది లేదు. మొదటి రెండు నిమిషాలు ఒళ్ళు సర్దుకుని, దృశ్యం తెచ్చుకోవడం. తర్వాతి ఐదు నిమిషాలు ఆ ముఖం దగ్గర ఉంటూ అప్పుడప్పుడు "క్షేమంగా ఉండండి టీచర్" అనడం. చివరి నిమిషం ఏమీ అనకుండా కూర్చోవడం. మూడో రోజు కళ్ళు చెమర్చాయి. ఐదో రోజు ఏమీ లేదు, బండరాయిలా ఉంది. ఆ ఐదో రోజే మానేయబోయింది. మాట నిజంగా అన్నావా అని అడిగాను. అన్నానంది. అయితే ధ్యానం జరిగినట్టేనని చెప్పాను.

మూడో వారంలో చివరి రెండు నిమిషాలు తన వైపు తిప్పుకుంది. టీచరే తనను చూస్తూ "చల్లగా ఉండు" అంటున్నట్టు. నాలుగో వారంలో ఇష్టమూ అయిష్టమూ లేని మనిషిగా రోజూ కనబడే సెక్యూరిటీ గార్డును తెచ్చుకుంది. పేరు కూడా తెలియదు. మైత్రి పెరిగిందో లేదో బాగా తెలిసేది ఇక్కడే, ఎందుకంటే ఇష్టం సాయం చేయదు, అయిష్టం అడ్డుపడదు. వారం తర్వాత గేటు దగ్గర అతని ముఖంలో అలసట కనబడిందని చెప్పింది. అంతకుముందు అతనికి ముఖం ఉందని కూడా గమనించలేదట.

ఐదో వారంలో తొందరపడి, తనను అవమానించిన సహోద్యోగిని తెచ్చుకుంది. రెండు నిమిషాల్లో దవడ బిగుసుకుంది, మనసులో వాదన మొదలైంది, మిగతా రోజంతా చిటపటలాడింది. అక్కడ పట్టుబట్టకూడదు. కోపం వస్తే గురువు, మిత్రుడి దగ్గరికి వెనక్కి పోయి, మనసు మెత్తబడ్డాక మళ్ళీ చూడమని పాత పద్ధతే చెబుతుంది. ఆవిడ వెనక్కి వెళ్ళింది. మొదటి "కష్టమైన మనిషి"గా పగవాణ్ణి కాకుండా కాస్త చిరాకు పెట్టేవాళ్ళను ఎంచుకోవాలని అప్పుడు ఇద్దరికీ అర్థమైంది.

మూడో నెలలో ఆవిడే మళ్ళీ ఐదు నిమిషాలు శ్వాస చూసింది. మనసు అంతే పోతోంది. పోయిందని తెలిసినప్పుడు తిట్టు మాత్రం రావడం లేదు.

ఇది చేయలేనివి

మైత్రీ ధ్యానం అంటే హాయిగా రిలాక్స్ కావడమని అనుకుంటే నిరాశ తప్పదు. జర్మనీలో తానియా సింగర్ బృందం తొమ్మిది నెలల శిక్షణలో శ్వాస, మైత్రి, ఆలోచనల్ని గమనించడం అనే మూడింటినీ పోల్చింది. మైత్రి చేసేటప్పుడు గుండె వేగమూ, పడే శ్రమా శ్వాస ధ్యానంలో కంటే ఎక్కువగా ఉన్నాయి. ఇది పని. అందుకే ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టమంటున్నాను. ఫలితం కూడా నెమ్మదిగానే వస్తుంది. బార్బరా ఫ్రెడ్రిక్‌సన్ బృందం 2008లో ప్రచురించిన ఏడు వారాల అధ్యయనంలో మంచి భావాలు వారం వారం కొంచెం కొంచెంగా పెరిగాయి. ఒక వారం చేసి తీర్పు చెప్పకండి.

ఏకాగ్రత కావాలనుకునేవాళ్ళకు, చదువు మీద మనసు నిలవాలనుకునేవాళ్ళకు శ్వాసే సూటి దారి. మైత్రి ఆ పని కొంత చేస్తుంది, కానీ దాని అసలు పని అది కాదు.

కొందరికి మంచి మాట అనుకోగానే పాత బాధ ఒక్కసారిగా పైకి వస్తుంది. స్వీయ కరుణ శిక్షణలో దీన్ని బ్యాక్‌డ్రాఫ్ట్ అంటారు. మూసిన గదిలో నిప్పు ఉండగా తలుపు తీస్తే గాలి లోపలికి దూరి మంట ఎగసినట్టు. తేలికగా వస్తే కళ్ళు తెరిచి, పాదాలు నేలకు తగలడం గమనించి, ఆ రోజుకు నడిచే పద్ధతికి మారితే సరిపోతుంది. పదే పదే వస్తుంటే, నిద్రా రోజువారీ పనులూ చెడుతుంటే, ఒంటరిగా కొనసాగించకుండా మానసిక వైద్యులతో గానీ కౌన్సెలర్‌తో గానీ మాట్లాడాలి.

ఇంకా తేల్చుకోలేకపోతే ఇలా చేయండి. "ఇంకెంతసేపు" అని రాసుకున్నవాళ్ళు రెండు వాక్యాలతో, మేలు చేసిన ఒకరితో మొదలుపెట్టండి. "చేతకాదు" అని రాసుకున్నవాళ్ళు వాక్యాలు కూడా పక్కన పెట్టి ఒక్క దృశ్యం తీసుకోండి. ఊపిరి బిగుసుకునేవాళ్ళు రెండు వారాలు కూర్చోనే కూర్చోవద్దు. నడవండి, కళ్ళు తెరిచే ఉంచండి, ఎదురొచ్చిన మొదటి ముగ్గురికి "క్షేమంగా ఉండు" అనుకోండి.